యజమాని చేతి బేరం మరొకరి చేతికి

యజమాని ఒక్కడే అమ్ముతూ వచ్చిన సంస్థలో అమ్మకం విడి పనిగా కనిపించదు. ఫోన్ ఎత్తేదీ, ధర చెప్పేదీ, మాట ఇచ్చేదీ, దాన్ని నిలబెట్టేదీ ఒకే మనిషి. అందువల్ల ఆ అమ్మకంలో నేర్పు ఎంత, అధికారం ఎంత, మనిషి మీద నమ్మకం ఎంత అన్నది ఆయనకే తెలియదు. మొదటి సేల్స్ ఉద్యోగి చేరిన రోజున ఈ మూడూ విడిపోతాయి. సరుకు గురించిన జ్ఞానం నేర్పితే వస్తుంది. అక్కడికక్కడ ధర తగ్గించే, గడువు ఒప్పుకునే అధికారం ఎంత నేర్పినా రాదు, ఇస్తేనే వస్తుంది. ఇక ‘ఓనరే చెప్పాడు’ అన్న భరోసా ఇచ్చినా రాదు. కొనేవాళ్ల దగ్గర కొత్త మనిషి దాన్ని స్వయంగా సంపాదించుకోవాలి, అందుకు యజమాని చోటు ఇవ్వాలి. మొదటి నియామకం చెడిపోయిన చోట్ల ఉద్యోగి నోరు మంచిది కాదనీ, చురుకు తక్కువనీ అంటుంటారు. దగ్గరగా చూస్తే, ఈ మూడింటిలో మొదటిదాన్ని సగం నేర్పి, మిగతా రెండూ తన దగ్గరే ఉంచుకున్న యజమాని ఎక్కువగా కనిపిస్తాడు.

విషయం అర్థం కావడానికి ఒక నమూనా సంస్థను ఊహించుకుందాం. హైదరాబాద్ జీడిమెట్లలో చిన్న షెడ్డు. అక్కడ కారం, పసుపు, మసాలా పొడుల్ని పౌచ్‌లలో నింపి సీలు వేసే ప్యాకింగ్ మెషిన్లు తయారవుతాయి. మెషిన్ ధర ఐదు లక్షలు, జీఎస్టీ అదనం. సామాను, కూలి పోగా ఒక్కో మెషిన్ మీద లక్ష రూపాయలు మిగులుతాయి. పదేళ్లుగా యజమానే అమ్ముతున్నాడు, నెలకు రెండు మూడు పోతాయి. కొనేవాళ్లు గుంటూరు కారం మిల్లుల వాళ్లు, నిజామాబాద్ పసుపు వ్యాపారులు, ఇంట్లో మసాలాలు మొదలుపెట్టి షెడ్డు దాకా ఎదిగిన కుటుంబాలు. ఎంక్వైరీ వచ్చాక ఆర్డరు కావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. సగం అడ్వాన్స్, మిగతా సగం మెషిన్ బయలుదేరే ముందు. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే అయినా ఇలాంటి షెడ్డు నడిపేవాళ్లకు కొత్తగా అనిపించవు.

ఉద్యోగిని పెట్టుకోవాలన్న ఆలోచన సాధారణంగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి ఆర్డర్లు తగ్గినప్పుడు, రెండోది ఎంక్వైరీలకు బదులు చెప్పే తీరిక లేనప్పుడు. మొదటిది తప్పుడు సమయం. యజమానే అమ్మలేకపోతున్నదాన్ని కొత్తవాడు అమ్ముతాడనుకోవడం ఆశ మాత్రమే. 2006లో మార్క్ లెస్లీ, చార్లెస్ హాలోవే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ సంగతినే వివరించింది. కొత్త సరుకును ఎవరు, ఎందుకు, ఎలా కొంటున్నారో సంస్థ ముందు నేర్చుకోవాలి, ఆ చదువు పూర్తికాకుండా అమ్మేవాళ్లను పెంచితే ఖర్చు పెరుగుతుంది గాని అమ్మకం పెరగదని వాళ్ల వాదన. జీడిమెట్ల షెడ్డుకు దీన్ని వర్తింపజేయడం కష్టం కాదు. గడిచిన ఇరవై ఆర్డర్ల కాగితాలు బల్ల మీద పరచి చూడాలి. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒకే తరహా వాళ్లయి, ఒకే కారణానికి కొని, ఇంచుమించు ఒకే దారిలో ఆర్డరు దాకా వచ్చి ఉంటే, ఆ దారిని ఇంకొకరికి చూపించవచ్చు. ఇరవై ఆర్డర్లూ ఇరవై కథలైతే, వాటిని కలిపే దారం యజమాని పరిచయాలే తప్ప ఇంకేమీ కాకపోతే, నియామకం ఇంకొన్నాళ్లు ఆగడం మేలు.

దారి ఉందని తేలాక దాన్ని కాగితం మీద పెట్టాలి. దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలోని డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీని నడిపిన జాన్ ప్యాటర్సన్, తన బావమరిది వరసైన జోసెఫ్ క్రేన్ మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ యంత్రాలు అమ్మడం గమనించాడు. క్రేన్ దుకాణదారుతో ఏం మాట్లాడతాడో మాటకు మాట రాయించి 1887లో చిన్న పుస్తకంగా వేయించాడు. సేల్స్‌మన్లందరూ దాన్ని నేర్చుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లకు అదే కంపెనీ సేల్స్‌మన్ల కోసం బడి పెట్టింది. ప్యాటర్సన్ చేసిన మంచి పని, బాగా అమ్మేవాణ్ని ‘ఎలా అమ్ముతావు’ అని అడిగి ఊరుకోకుండా అతని మాటల్నే పట్టుకోవడం. ఎందుకంటే అడిగితే ఎవరైనా ‘నిజాయితీగా చెబుతాను, సర్వీసు బాగా చేస్తాను’ లాంటి సాధారణ సంగతులే చెబుతారు. అసలు పనితనం వాళ్ల ప్రశ్నల వరుసలో దాగి ఉంటుంది.

జీడిమెట్ల యజమాని అవతలివాళ్లకు చెప్పి, తన ఫోన్ సంభాషణలు కొన్నింటిని రికార్డు చేసి రాయిస్తే బయటపడేది ఇదే. ధర అడిగిన పార్టీకి ఆయన ముందు ధర చెప్పడు. ఏం పొడి, ఎన్ని గ్రాముల పౌచ్, రోజుకు ఎన్ని, ఇప్పుడు ఎలా ప్యాక్ చేస్తున్నారు, త్రీఫేజ్ కరెంటు ఉందా, ప్రింటెడ్ రోల్ చేయించారా అని వరసగా అడుగుతాడు. ప్రతి ప్రశ్న వెనకా ఎప్పుడో పడ్డ దెబ్బ ఉంది. పంచదారలా గలగలా జారే సరుకుకు కొలత కప్పులు చాలు. కారంలా అతుక్కునే పొడికి ఆగర్ అనే మరస్క్రూ ఉన్న మెషిన్ కావాలి, అది ఖరీదు. బాగా సన్నని పొడైతే దుమ్ము లేచి సీలు పడే చోట పేరుకుంటుంది, పౌచ్ లీకవుతుంది. రోజుకు ఐదు వందల పౌచ్‌లు చేసేవాళ్లకు నిమిషానికి ముప్పై కట్టే మెషిన్ మీద పట్టుమని ఇరవై నిమిషాల పని కూడా ఉండదు. వాళ్లకు చేతి సీలరు చాలు, ఏడాది ఆగి రమ్మని యజమానే చెబుతాడు.

ఈ ‘వద్దు’ అనడమే కాగితం మీదికి రావలసిన ముఖ్యమైన సంగతి, తరచూ మరిచిపోయేదీ అదే. యజమాని ఎవరికి అమ్మడో ఆయనకు ఒంట్లోనే తెలుసు, ఎందుకంటే తప్పు పార్టీకి అమ్మిన మెషిన్ చివరికి ఆయన నెత్తినే పడుతుంది. ఇన్సెంటివ్ మీద బతికే కొత్త ఉద్యోగికి ఆ భయం ఉండదు, వచ్చిన ప్రతి ఎంక్వైరీ అవకాశంలా కనిపిస్తుంది. బ్యాంకు సంగతి కూడా ఇలాంటిదే. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో అప్పుతో ముడిపెట్టిన సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. ఇలాంటి పథకాల కింద మెషిన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా కొటేషన్ అడుగుతారు. అది బ్యాంకు ఫైలులో పెట్టడానికి. కొత్తవాడు దాన్ని రేపో మాపో తేలే ఆర్డరుగా రాసుకుంటాడు. యజమాని మాత్రం ‘లోను సాంక్షన్ అయిందా, అప్లికేషన్ దశలోనే ఉందా’ అని అడిగి నెలల తేడాను ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు. ఇటువంటివి పది పన్నెండు పేజీల్లో సరిపోతాయి. అడిగే ప్రశ్నలు, వాళ్లు చెప్పే అభ్యంతరాలు, వాటికి యజమాని ఇచ్చే జవాబులు, పోయిన ఆర్డర్లు ఎందుకు పోయాయో నాలుగైదు ఉదాహరణలు, ఎవరికి అమ్మకూడదో ఒక పేజీ. ఈ పేజీలు రాయకుండా ఉద్యోగిని చేర్చుకుంటే, అతను నేర్చుకోవడానికి మిగిలేది యజమానికి తీరిక దొరికిన క్షణాలు మాత్రమే.

ఎవరిని తీసుకోవాలన్న దగ్గర రెండు పొరపాట్లు పదేపదే జరుగుతాయి. ఒకటి పెద్ద కంపెనీలో టార్గెట్లు కొట్టిన మనిషిని ఎక్కువ జీతానికి తేవడం. అక్కడ అతని వెనక బ్రాండు పేరు, తయారైన బ్రోషర్లు, డీలర్లు, సర్వీసు సెంటర్లు ఉన్నాయి. ఇక్కడ అవేవీ లేవు. అతను మంచి అమ్మకందారే కావచ్చు, కాని ఆ నేర్పు అక్కడి ఏర్పాట్ల మీద నిలిచినది. రెండోది ఇంటి మనిషిని, బావమరిదినో తమ్ముడి కొడుకునో పెట్టడం. నమ్మకానికి లోటుండదు గాని, పని జరగనప్పుడు చెప్పడానికి నోరు రాదు. ఈ షెడ్డుకు సరిపోయే మనిషి ఇంచుమించు ఇలా ఉంటాడు. చిన్న యంత్రాలో విడిభాగాలో అమ్మిన రెండు మూడేళ్ల అనుభవం, మెషిన్ మీద చెయ్యి పెట్టడానికి వెనకాడకపోవడం, తెలియనిది తెలియదని చెప్పి కనుక్కుని మళ్లీ ఫోన్ చేసే అలవాటు. మూడో గుణాన్ని ఇంటర్వ్యూలో కనిపెట్టడం కష్టం. అందుకు డబ్బిచ్చి రెండు మూడు రోజుల పని చేయించడం మంచి పద్ధతి. పాత పార్టీలు ముగ్గురి దగ్గరికి పంపి, వాళ్లు మెషిన్ గురించి ఏమంటున్నారో రాసుకు రమ్మనాలి. పొగడ్తలు మాత్రమే రాసుకొచ్చినవాడు వినలేదని అర్థం. ‘సీలింగ్ పట్టీ అరుగుతోందట, స్పేర్ రావడానికి వారం పట్టిందట’ అని తెచ్చినవాడు వేరే రకం మనిషి.

ఒకేసారి ఇద్దర్ని తీసుకోవాలన్న సలహా సాఫ్ట్‌వేర్ సంస్థల వాళ్లలో బాగా వినిపిస్తుంది. ఒక్కడే ఉండి విఫలమైతే తప్పు మనిషిదో సరుకుదో తేలదు, ఇద్దరుంటే పోల్చుకోవచ్చు అన్నది అందులోని తర్కం. అది సరైనదే. కాని నెలకు ఇరవై ముప్పై ఎంక్వైరీలు వచ్చే షెడ్డులో ఇద్దరికీ సరిపడా పని ఉండదు, ఇద్దరూ నేర్చుకోకుండానే నీరసపడతారు. అలాంటి చోట ఒక్కరితోనే మొదలుపెట్టి, పోలిక కోసం యజమాని తన పాత లెక్కల్నే వాడుకోవడం నయం.

జీతం లెక్క ఇక్కడే తేల్చుకోవాలి. నెలకు పాతిక వేలు జీతం, తిరుగుడు ఖర్చులు పన్నెండు వేలు అనుకుంటే ఆరు నెలలకు రెండు లక్షల ఇరవై రెండు వేలు. మెషిన్‌కు లక్ష మిగులుతుంది కాబట్టి ఆరు నెలల్లో మూడు మెషిన్లు అదనంగా పోతే ఖర్చు తిరిగి వచ్చినట్టే. అయితే ఎంక్వైరీ ఆర్డరు కావడానికే మూడు నెలల దాకా పడుతున్నప్పుడు, మొదటి మూడు నెలలు అతని వల్ల ఒక్క ఆర్డరూ రాకపోవడం సహజం. ఆ మూడు నెలల జీతం ఖర్చనుకోగలిగితేనే నియామకానికి దిగాలి. రెండో నెలలోనే ‘ఒక్కటీ తేలేదే’ అన్న మాట యజమాని నోట వచ్చిందంటే, ఉద్యోగి భయపడి తప్పు పార్టీలకు అమ్మడం మొదలుపెడతాడు. కాబట్టి తొలి నాళ్లలో ఇన్సెంటివ్‌లో కొంత మొత్తాన్ని ఖాయంగా ఇచ్చేయడం న్యాయం.

ఆ తర్వాత ఇన్సెంటివ్ దేని మీద లెక్కగట్టాలన్నది చూడటానికి చిన్న విషయం, నష్టం మాత్రం పెద్దది. బిల్లు మీద ఒక శాతం అన్నారనుకుందాం. ఐదు లక్షల మెషిన్ మీద పాతిక వేలు తగ్గిస్తే ఉద్యోగికి పోయేది రెండు వందల యాభై. సంస్థకు మాత్రం మిగులులో నాలుగో వంతు పోతుంది. అతను తగ్గించడానికి ఎందుకు వెనకాడాలి? పూర్తి ధరకు అమ్మితే ఎక్కువ, తగ్గించిన కొద్దీ వేగంగా తగ్గేలా మెట్లు పెడితే అతని లాభం, సంస్థ లాభం ఒకే వైపు నడుస్తాయి. డబ్బు ఇచ్చే వేళ కూడా ముఖ్యం. మెషిన్ బయలుదేరే ముందు బాకీ వసూలైనప్పుడు సగం, పార్టీ దగ్గర బిగించాక నెల రోజులు సాఫీగా నడిచాక సగం ఇస్తే, అమ్మిన మాటకు బాధ్యత అతనికీ ఉంటుంది.

శిక్షణ షెడ్డులోనే మొదలవ్వాలి. మొదటి రెండు వారాలు ఫోన్ ముట్టుకోకుండా ఫిట్టర్ వెంట ఉండాలి. రోల్ ఎక్కించడం, సైజు మార్చాలంటే కాలర్ మార్చడం, హీటు ఎక్కువైతే ఫిల్మ్ ఎలా ముడుచుకుంటుందో, తక్కువైతే సీలు ఎలా విడిపోతుందో చేతులతో చూడాలి. మెషిన్ బిగించడానికి ఒకసారైనా పార్టీ దగ్గరికి వెళ్లాలి. అక్కడ రెండు రోజుల్లో తెలిసేది బ్రోషర్ చదివితే తెలియదు. ఉదాహరణకు, నిమిషానికి ముప్పై అన్నది రోల్ మార్చేటప్పుడూ కరెంటు పోయినప్పుడూ లెక్కకు రాదని, రోజు మొత్తానికి చేతికొచ్చేది కాగితం మీది లెక్కకంటే బాగా తక్కువని. ఆ తేడాను ముందే చెప్పే అమ్మకందారును పార్టీ నమ్ముతుంది.

తర్వాతి వారాల్లో వరస ఇది. ముందు యజమాని మాట్లాడతాడు, ఉద్యోగి విని, తర్వాత ఏం విన్నాడో చెబుతాడు. ఆపైన ఉద్యోగి మాట్లాడతాడు, యజమాని పక్కన కూర్చుంటాడు. చివరికి ఒంటరిగా వెళ్లి, వచ్చాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. రెండో మెట్టు దగ్గరే శిక్షణలు కూలిపోతాయి, కారణం యజమాని ఊరుకోలేకపోవడం. ఉద్యోగి సగం తప్పు జవాబు చెప్పగానే ఆయన అందుకుంటాడు. ఆ క్షణం నుంచి పార్టీ కళ్లు ఆయన వైపు తిరుగుతాయి, ఇక ఉద్యోగి ఆ గదిలో బ్యాగు మోసేవాడే. ఆర్డరు పోయేంత తప్పయితే తప్ప మాట్లాడకుండా ఉండాలి, తప్పును కారెక్కాక సరిదిద్దాలి. ఒకటి రెండు ఆర్డర్లు దీనివల్ల పోవచ్చు. అది శిక్షణ ఖర్చులో భాగమే, జీతంతో పాటు ముందే రాసుకోదగిన ఖర్చు.

అధికారం బదిలీ దీనికంటే కఠినమైన పరీక్ష. ఉద్యోగి తనంతట తాను ఎంత తగ్గించవచ్చో, ఎన్ని రోజుల గడువు ఒప్పుకోవచ్చో, ఏ స్పేర్లు ఉచితంగా ఇవ్వవచ్చో రాసి ఇవ్వాలి. ఈ షెడ్డులో మూడు శాతం, అంటే పదిహేను వేలు అనుకుందాం. గుంటూరు మిల్లు యజమానికి ఉద్యోగి నాలుగు లక్షల ఎనభై ఐదు వేలు చెప్పాడు. ఆయన అంతా విని, ‘నువ్వు చెప్పింది బాగానే ఉంది బాబూ, మీ ఓనర్‌తో ఒకసారి మాట్లాడతాలే’ అన్నాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది.

‘ఏమండీ, మీ అబ్బాయి నాలుగు ఎనభై ఐదు అంటున్నాడు. మీరు చెప్పండి ఆఖరి మాట.’

పదేళ్ల అలవాటు యజమాని చేత ‘మీ కోసం నాలుగు డెబ్భై చేద్దాం లెండి’ అనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో ఆర్డరు వస్తుంది, ఉద్యోగి పోతాడు. ఉద్యోగంలో ఉన్నా, ఆ జిల్లాలో అతని ధరకు విలువ ఉండదు. మిల్లుల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, తర్వాతి పార్టీలన్నీ నేరుగా ఓనర్‌కే ఫోన్ చేస్తాయి. చెప్పవలసిన జవాబు ఇంకోలా ఉంటుంది.

‘రేటు చూసేది అతనేనండీ, అతను చెప్పిందే మా ఆఖరి మాట. మీ పొడి మా మెషిన్ మీద ఆడించి చూశాం కదా, అందులో ఏమైనా అనుమానం ఉంటే నన్నడగండి.’

మర్యాద తగ్గలేదు, యజమాని గొంతు పార్టీకి దొరికింది, ధర మాత్రం కదల్లేదు. ఒకవేళ నిజంగా తగ్గించాల్సి వస్తే ఆ తగ్గింపు ఉద్యోగి నోటి నుంచే వెళ్లాలి. నమ్మకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడం ఇలాంటి ఫోన్లలోనే జరుగుతుంది.

దీనికి తోడు ఎంక్వైరీల పంపకం ఉంది. పాత పార్టీ చెబితే వచ్చిన ఫోన్లు సులువుగా ఆర్డర్లవుతాయి, ఇండియామార్ట్‌లో వచ్చినవి పలువురు అమ్మకందారులకు ఒకేసారి చేరినవి. తెలియకుండానే యజమాని మొదటి రకాన్ని తన దగ్గర ఉంచుకుని రెండో రకాన్ని ఉద్యోగికి ఇస్తాడు. ఆరు నెలల తర్వాత ‘నాకు మూడుకు ఒకటి తెగుతుంది, వాడికి ఇరవైకి ఒకటి’ అని తీర్పు చెబుతాడు. ఆ తీర్పులో ఉద్యోగి పనితనం గురించి ఏమీ లేదు. రెండు రకాల్నీ వంతుల వారీగా పంచి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకంలో రాస్తేనే పోలికకు అర్థం ఉంటుంది.

ఆర్డర్లు రాని తొలి నెలల్లో పని సాగుతోందో లేదో తెలియడానికి ఈ వ్యాపారంలో మంచి గుర్తు ఒకటుంది, పార్టీ పంపిన శాంపిల్ పొడి. పది కిలోల కారం కట్టించి ట్రాన్స్‌పోర్టులో జీడిమెట్లకు పంపినవాడు ఊరికే ధర కనుక్కునేవాడు కాదు. అందుకే కొటేషన్ల సంఖ్య కంటే షెడ్డుకు చేరిన శాంపిళ్ల సంఖ్య చూడాలి. కొటేషన్లు కుప్పలుగా వెళ్లి శాంపిళ్లు రాకపోతే ఉద్యోగి ప్రశ్నలు అడగకుండా ధర చెప్పేస్తున్నాడు. అతని ఫోన్లు కొన్ని వింటే తెలిసిపోతుంది. శాంపిళ్లు వచ్చి, ట్రయల్ బాగానే జరిగి, ఆర్డరు దగ్గర ఆగిపోతుంటే లోపం రెండు చోట్ల ఉండవచ్చు. నిర్ణయం తీసుకునే మనిషితో కాక గుమాస్తాతోనో కొడుకుతోనో మాట్లాడుతుండాలి, లేదా తర్వాత ఫోన్ చేసే తేదీ ఖాయం చేసుకోకుండా వచ్చేస్తుండాలి. ఇవి రెండూ చెబితే సర్దుకునేవే. ఆర్డర్లు బాగా వచ్చి, బిగించాక గొడవలు మొదలైతే మాత్రం విషయం తీవ్రం. ‘ఇందులో పచ్చడి కూడా ప్యాక్ అవుతుందన్నాడే’ అని పార్టీ అన్నదంటే, అతను లేనిది ఉందని చెప్పి అమ్మాడు. తెలియక చెప్పాడా, తెలిసి చెప్పాడా అన్నది మొదటిసారే తేల్చుకోవాలి. తెలియక అయితే మళ్లీ ఫిట్టర్ దగ్గరికి పంపాలి. తెలిసీ చెప్పినవాణ్ని ఎన్ని ఆర్డర్లు తెచ్చినా ఉంచకూడదు. నెలకు మూడు మెషిన్లు అమ్మే సంస్థకు ఒక జిల్లాలో పేరు పోవడం భరించగల నష్టం కాదు.

ఆరు నెలలు నిండేసరికి తీర్పుకు తగినంత సమాచారం ఉంటుంది. ఒంటరిగా తెచ్చిన ఆర్డర్లు మూడు ఉండి, అవి యజమాని ఫోన్ లేకుండా, రాసిచ్చిన తగ్గింపు దాటకుండా తెగి ఉంటే నియామకం నిలబడింది. ఆర్డర్లు ఐదు ఉన్నా ఐదింటికీ చివర యజమాని మాట్లాడాల్సి వచ్చి ఉంటే ఇంకా నిలబడలేదు. సంఖ్య చూసి సంతోషపడకుండా ఆ ఫోన్లు ఎందుకు అవసరమయ్యాయో వెతకాలి. కొన్ని పనులు అప్పటికీ యజమాని దగ్గరే ఉంటాయి, ఉండాలి కూడా. నాలుగైదు మెషిన్ల లైను అడిగే పెద్ద మిల్లు, ఇంతకుముందు చేయని సరుకుకు కొత్త మెషిన్ తయారుచేయమనే పార్టీ, బాకీ పడిన పాత స్నేహితుడు, ఇలాంటివి. ఉద్యోగి నింపిన ఎంక్వైరీ పుస్తకాన్ని, తొలి పది పన్నెండు పేజీలకు అతను చేర్చిన కొత్త అభ్యంతరాల్ని, జవాబుల్ని కలిపి ఒకసారి తిరగరాస్తే రెండో ఉద్యోగికి చదువుకోవడానికి పుస్తకం సిద్ధమవుతుంది. అతనికి నేర్పవలసింది అప్పుడు యజమాని కాదు, మొదటి ఉద్యోగి.